ఒక గ్రహం దొరికింది, ఇంకొకటి దొరకలేదు

వాదనలో ఎదుటివారి నోరు మూయించడానికి ‘ఖండించే వీలు లేనిది శాస్త్రం కాదు’ అనే వాక్యాన్ని వాడేవారిని చూస్తే నాకు విసుగు వస్తుంది. ఆ మాట తప్పు కాదు గానీ, దానితో పని అంత సులువుగా తీరదు.

పరిశీలనతో రుజువు చేయగలిగిందే శాస్త్రం అన్నది వియన్నా బృందం తాత్వికుల పాత గీటురాయి. అది న్యూటన్ గురుత్వ సూత్రం దగ్గరే తడబడుతుంది. విశ్వంలోని ప్రతి రెండు వస్తువులకూ వర్తించే సూత్రాన్ని ఎన్ని పరిశీలనలు పూర్తిగా రుజువు చేయగలవు? పైగా ఆ గీటురాయిని రుజువు చేసే పరిశీలన కూడా ఏదీ లేదు. అందుకే 1934లో తాత్వికుడు కార్ల్ పాపర్ దాన్ని తిరగేసి, ఏ పరిశీలన ఎదురైతే తాను ఓడిపోతుందో ముందే చెప్పగలిగే సిద్ధాంతమే శాస్త్రీయమన్నాడు.

బాగానే ఉంది, కానీ యురేనస్ సంగతి చూడండి. న్యూటన్ లెక్క చెప్పిన దారిలో అది నడవలేదు. పాపర్ మాటను అక్షరాలా పాటిస్తే అప్పుడే న్యూటన్‌ను వదిలేయాలి. ఎవరూ వదలలేదు. కనిపించని గ్రహమేదో దాన్ని లాగుతోందని ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే లెక్కకట్టాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో ఖగోళవేత్త గాలె, ఆ లెక్క చూపిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్‌ను చూశాడు.

బుధుడి కక్ష్యలోనూ తేడా కనిపించింది. సూర్యుడికి అతి దగ్గరయ్యే బిందువు న్యూటన్ లెక్క కంటే శతాబ్దానికి సుమారు 43 ఆర్క్ సెకండ్లు, అంటే డిగ్రీలో వందో వంతు కంటే కాస్త ఎక్కువ, అదనంగా జరుగుతోంది. 1859లో అదే లెవెరియే బుధుడికీ సూర్యుడికీ మధ్య ఇంకేదో ఉండాలన్నాడు. వల్కన్ అని పేరు కూడా పెట్టిన ఆ గ్రహం దొరకనే లేదు. 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతం ఆ తేడాను వివరించింది.

రెండుసార్లూ వేసిన ఎత్తు ఒక్కటే. పరీక్షకు నిలబడేది సిద్ధాంతం ఒక్కటే కాదని, దానితోపాటు గ్రహాల సంఖ్య, దుర్భిణి పనితీరు వంటి ఊహలన్నీ నిలబడతాయని, తప్పు వాటిలో ఎక్కడుందో పరిశీలన వేలు పెట్టి చూపదని ఫ్రెంచి భౌతికవేత్త దుహెమ్ పాపర్ కంటే ముందే చెప్పాడు. ఇక భూమి బల్లపరుపుగా ఉందన్న మాట ఖండించే వీలున్నదే, ఎప్పుడో ఖండితమైనదే. అంతమాత్రాన అది శాస్త్రమైపోతుందా?

పాపర్‌కు ఇవేవీ తెలియనివి కావు. సిద్ధాంతాన్ని కాపాడటానికి తెచ్చే కొత్త ఊహను విడిగా పరీక్షించే వీలుండాలని ఆయన షరతు పెట్టాడు. నాకు అసలు విలువైనదిగా తోచేది ఆ షరతే, ఎందుకంటే అది వాక్యాన్ని కాక, చిక్కు వచ్చాక మనిషి చేసే పనిని తూస్తుంది. అయితే ఎన్ని వైఫల్యాల తర్వాత ఊహను వదలాలో అదీ చెప్పదు. వల్కన్ సూర్యబింబం మీదుగా 1877 మార్చిలో దాటవచ్చని లెవెరియే తేదీతో సహా చెప్పాడు. చూసినవారికి ఏమీ కనిపించలేదు. అదే ఏడాది సెప్టెంబరులో, ఆ గ్రహం ఉందన్న నమ్మకంతోనే ఆయన చనిపోయాడు. ఆయన పొరబడ్డాడు, కానీ ఎక్కడ, ఎప్పుడు చూస్తే తన పొరపాటు బయటపడుతుందో తానే చెప్పిన మనిషిని శాస్త్రం గీత అవతలికి నెట్టడానికి నేను ఒప్పుకోను.