అన్నం కోసం కూరలో పడుతున్న ఉప్పు

రక్తపోటు ఉన్నవారికి డాక్టర్లు తరచుగా సూచించే డ్యాష్ ఆహార పద్ధతి అమెరికాలో పుట్టింది. 1997లో వెలువడిన పరిశోధనలో 459 మంది పెద్దలకు ఎనిమిది వారాల పాటు లెక్క ప్రకారం భోజనం పెట్టారు. కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాల పదార్థాలు, పప్పులు, గింజలు ఎక్కువగానూ, కొవ్వులు, తీపి పదార్థాలు తక్కువగానూ తిన్నవారిలో, మామూలు భోజనం తిన్నవారితో పోలిస్తే పై రక్తపోటు సగటున 5.5 పాయింట్లు తగ్గింది. అప్పటికే అధిక రక్తపోటు ఉన్నవారిలో ఆ తగ్గుదల 11 పాయింట్లు దాటింది. ఈ పరిశోధనలో ఎవరికీ ఉప్పు తగ్గించలేదు. అన్ని బృందాలకూ ఒకే మోతాదులో ఇచ్చారు. ఉప్పును కూడా తగ్గిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు 2001లో వచ్చిన రెండో పరిశోధన జవాబిచ్చింది: రెండూ కలిసినప్పుడే ఫలితం అన్నిటికంటే ఎక్కువ.

ఈ పద్ధతి మన దగ్గరికి వచ్చేసరికి ఓట్స్, బ్రకోలీ, సలాడ్ల జాబితాగా మారిపోతోంది. దాన్ని నాలుగు రోజులు పాటించి ఐదో రోజు పప్పన్నానికి తిరిగి వచ్చేవారిని తప్పు పట్టలేము. పప్పు, కూర, పచ్చడి, పెరుగు ఉన్న భోజనంలో డ్యాష్‌కు కావలసిన సరుకంతా ఇప్పటికే ఉంది. ఆ సరుకు ఏ నిష్పత్తిలో కంచంలోకి వస్తోందన్నదే అసలు సమస్య, ఆ నిష్పత్తిని శాసిస్తున్నది అన్నం.

తెలుగు ఇళ్లలో అన్నం ఉప్పు లేకుండా వండుతారు. కాబట్టి కంచంలో ఉన్న చప్పటి అన్నానికంతటికీ రుచి ఇవ్వవలసిన బాధ్యత పప్పు మీద, కూర మీద, చారు మీద పడుతుంది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని గరిటెతో చూసే ఇల్లాలు నిజానికి పప్పుకు సరిపోయిందా అని చూడదు, అన్నంలో కలిపితే సరిపోతుందా అని చూస్తుంది. విడిగా తిన్నప్పుడు కాస్త ఎక్కువ అనిపించేదే అన్నంలో కలిపినప్పుడు సరిగ్గా ఉంటుంది. అందువల్ల మన వంటలో ఉప్పు కూరగాయ బరువును బట్టి కాక బియ్యం బరువును బట్టి పడుతోంది. రక్తపోటు వచ్చిందని కూరలో ఉప్పు సగానికి తగ్గించి, అన్నం మాత్రం అంతే పెట్టుకుంటే ముద్ద చప్పబడుతుంది. చెయ్యి ఆవకాయ జాడీ వైపు వెళుతుంది. తగ్గించిన ఉప్పు మరో దారిలో తిరిగి వస్తుంది. ఉప్పు తగ్గించాలంటే ముందు అన్నం తగ్గించాలని నేను అంటున్నది ఇందుకే.

ఒక ఇంటి లెక్క చూద్దాం. నలుగురు పెద్దవాళ్లు, పొద్దున వండినదే మధ్యాహ్నానికీ, రాత్రికీ. రెండు పూటలకు కిలో బియ్యం, 150 గ్రాముల కందిపప్పు, అరకిలో దొండకాయల వేపుడు, లీటరు చారు, ఒక రోటి పచ్చడి. ఉప్పు పప్పులో 10 గ్రాములు, వేపుడులో 8, చారులో 10, పచ్చడిలో 4. మొత్తం 32 గ్రాములు, అంటే మనిషికి 8. పొద్దుటి ఇడ్లీ, చట్నీలో మరో 2 గ్రాములు ఉంటాయనుకుందాం. ఇక ఆవకాయ. కిలో ముక్కలకు పావుకిలో చొప్పున ఉప్పు, కారం, ఆవపిండి, పైన నూనె పడే పచ్చడిలో బరువులో పదో వంతుకు పైగా ఉప్పే ఉంటుంది. పూటకు ఒక చిన్న చెంచా, అంటే 10 గ్రాములు వేసుకున్నా రోజుకు 2 గ్రాముల ఉప్పు లోపలికి వెళుతుంది. మొత్తం మనిషికి 12 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాముల లోపు.

ఇప్పుడు అదే ఇంట్లో బియ్యం 640 గ్రాములకు తగ్గిద్దాం. మనిషికి పూటకు 125 గ్రాములు ఉన్నది 80 అవుతుంది. ఆ ఖాళీలోకి పప్పును 150 నుంచి 250 గ్రాములకు పెంచి అందులో పాలకూరో, తోటకూరో నిండుగా వేద్దాం. కూరగాయలు అరకిలో నుంచి కిలో చేద్దాం. పప్పు పలుచగా జారేలా కాక గట్టిగా, కూర అన్నం పక్కన నంజుడులా కాక అన్నంతో సమానంగా కంచంలో ఉండాలి. ఇలా తిన్నప్పుడు ప్రతి ముద్దలో అన్నం తక్కువ, కూర ఎక్కువ. అందువల్ల కూరకు అంత ఉప్పు అవసరం ఉండదు. మొదటి మూడు వారాలు పప్పులో 8 గ్రాములు, కూరలో 7, అర లీటరుకు తగ్గించిన చారులో 3, పెరుగు పచ్చడిలో 2 వేస్తే మొత్తం 20 గ్రాములు, మనిషికి 5. నాలుక దానికి అలవాటు పడ్డాక వీటినే 6, 5, 2, 1 చేస్తే మనిషికి మూడున్నర గ్రాములు. పొద్దుటి ఫలహారంలో ఒకటిన్నర గ్రాములకు చోటు మిగులుతుంది. ఇదంతా చెంచాలతో కొలిస్తే కుదరదు, ఎందుకంటే కల్లుప్పు చెంచాకూ, మెత్తటి ఉప్పు చెంచాకూ బరువు వేరు. పొద్దున్నే రోజుకు సరిపడా ఉప్పును తూచి ఒక చిన్న గిన్నెలో పెట్టుకుని, అన్నిటికీ అందులోంచే వాడడం సులువైన మార్గం.

ఈ మార్పుతో ఉప్పు తగ్గడమే కాక పొటాషియం కూడా పెరుగుతుంది. మూత్రపిండాలు సోడియాన్ని బయటికి పంపడానికి అది తోడ్పడుతుంది. 100 గ్రాముల తెల్ల బియ్యంలో పొటాషియం దాదాపు 100 మిల్లీగ్రాములే. అంతే కందిపప్పులో వెయ్యికి పైగా ఉంటుంది. అన్నం తగ్గించి పప్పు పెంచడంలో నష్టపోయేది ఎంత తక్కువో, వచ్చేది ఎంత ఎక్కువో దీన్ని బట్టి తెలుస్తుంది. అయితే కూరగాయలను ఉడికించి నీళ్లు వార్చి, పిండి పోపు పెట్టే అలవాటు ఉన్న ఇళ్లలో ఆ పొటాషియం చాలా వరకు నీళ్లతో పాటే పోతుంది. మూతపెట్టి తన నీటిలోనే మగ్గించడమో, వార్చిన నీటిని చారులో పోయడమో చేయాలి.

రుచి విషయంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఉప్పు, పులుపు, కారం మన వంటలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. చింతపండు, మిరపకాయలు ఎప్పటిలాగే వేసి ఉప్పు ఒక్కటే తగ్గిస్తే పులుపు పళ్లకు తగులుతుంది, కారం నాలుకను పొడుస్తుంది, వంట చెడినట్టు ఉంటుంది. మూడింటినీ కలిపి తగ్గిస్తే వంట కాస్త మెత్తబడుతుంది గానీ చెడదు. ఈ కారణంగానే గోంగూర వంటి గట్టి పులుపు ఆకుకూర కంటే పాలకూర, తోటకూర, మెంతికూరలతో చేసిన పప్పు తక్కువ ఉప్పుతో బాగుంటుంది. దించేముందు నాలుగు చుక్కల నిమ్మరసం, దండిగా జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు పోపు ఉంటే ఉప్పు లోటు పెద్దగా తెలియదు. చారు మీద నాకు అంత ప్రేమ లేదు: అందులో ఉప్పు రుచినిస్తున్నది నీళ్లకు. అది ఒక పూటకు, చిన్న గిన్నెడు చాలు.

పచ్చడి అన్న ఒక్క మాట కింద మనం రెండు వేర్వేరు పదార్థాలను కలిపేస్తాము. బీరకాయ, దోసకాయ, సొరకాయ రోటి పచ్చళ్లలో ఉప్పు రుచి కోసమే. ఎంత తక్కువైనా వేయవచ్చు, వేయించిన నువ్వులో, పల్లీలో కలిస్తే మెగ్నీషియం కూడా వస్తుంది. నిల్వ పచ్చడిలో ఉప్పు పచ్చడిని కాపాడే పని చేస్తుంది. అక్కడ తగ్గిస్తే బూజు పడుతుంది. కాబట్టి ఆవకాయను తక్కువ ఉప్పుతో పెట్టే ప్రయత్నం వృథా. దాన్ని ఎప్పటిలాగే పెట్టి, వారానికి ఒకటి రెండుసార్లు వేలికొసతో తినాలి. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు కూడా ఈ కోవలోకే వస్తాయి. అప్పడాల పిండిలో ఉప్పుతో పాటు వేసే అప్పడాల కారం మిరప కారం కాదు, సోడా వంటి క్షారం. అది కూడా సోడియమే. పెరుగన్నంలో ఊరగాయ లేకపోతే ముద్ద దిగదనేవారు అందులో అరటిపండో, వేసవిలో మామిడిపండో కలుపుకుని తినే మన పాత అలవాటును గుర్తు చేసుకోవచ్చు. డ్యాష్ కోరే పండు, పాల పదార్థం రెండూ ఒకే గిన్నెలోకి వస్తాయి. పెరుగు మీగడ తీసిన పాలతో తోడుపెట్టినదైతే మంచిది. మజ్జిగలో ఉప్పు వేయనక్కర్లేదు.

ఈ సలహా అందరికీ కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో పొటాషియం రక్తంలో పేరుకుపోయి గుండె లయను దెబ్బతీయగలదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత విస్తృతంగా ఉందో తెలిసిన రాష్ట్రంలో, ఆకుకూరలూ పప్పూ పండ్లూ పెంచండి అని మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ప్రస్తావన లేకుండా రాయడం నాకు బాధ్యతారాహిత్యంగా తోస్తుంది. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం క్లోరైడ్ కలుస్తుంది. పొటాషియాన్ని ఒంట్లో నిలిపి ఉంచే టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటి మందులు వాడేవారు డాక్టరును అడగకుండా దాన్ని కొనకూడదు. సైంధవ లవణం, రాళ్ల ఉప్పు పేర్లు వేరైనా వాటిలోనూ ప్రధానంగా ఉండేది సోడియం క్లోరైడే. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోవచ్చు. మోతాదు ముందే మాట్లాడుకోవాలి. రక్తపోటు మాత్రలు సొంతంగా ఆపకూడదు.

ఫలితం వస్తోందో లేదో తెలుసుకోవడానికి రెండు కొలతలు చాలు. మొదటిది ఉప్పు ప్యాకెట్: తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి. పై లెక్కలోని ఇంట్లో మొదట ఊరగాయ కాక మనిషికి 10 గ్రాములు పోతున్నాయి కనుక కిలో ప్యాకెట్ 25 రోజుల్లో అయిపోతుంది. మనిషికి 5 గ్రాములైతే 50 రోజులు రావాలి. ప్యాకెట్ ఎక్కువ రోజులు వస్తూ ఆవకాయ జాడీ మాత్రం త్వరగా ఖాళీ అవుతుంటే కంచంలో అన్నం ఇంకా తగ్గలేదని అర్థం. రెండోది రక్తపోటు: మార్పుకు ముందు ఒక వారం, మూడు వారాల తర్వాత మరో వారం, రోజూ పొద్దున మాత్ర వేసుకోకముందు, మూత్రానికి వెళ్లి వచ్చి, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చున్నాక, జబ్బకు పట్టీ కట్టే పరికరంతో రెండుసార్లు కొలిచి, వారం సగటులను పోల్చాలి. ఒక్క రోజు అంకె పది పాయింట్లు అటూ ఇటూ ఊగడం మామూలే. 1997 నాటి పరిశోధనలో తగ్గుదల రెండు వారాలకే కనిపించింది కాబట్టి, మూడు వారాలకూ సగటు కదలకపోతే ముందు బయట తిన్న పూటలను లెక్కపెట్టాలి. అవీ తక్కువే అయితే ఆ సగటుల కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లాలి.