సవరణ: పక్క ఫ్లాటుతోనే లెక్క తేలదు

“పక్క ఫ్లాటువాళ్ల పేరు తెలియకపోతే బంధాలు తెగిపోయినట్టేనా?”

కాదు. విజయవాడలోని పటమట అపార్ట్‌మెంట్ల గురించి రాస్తూ, పక్క ఫ్లాటువాళ్ల పేరు కూడా తెలియదు కాబట్టి బంధాలు తెగిపోయాయని మేం రాసిన వాక్యం తప్పు. ఇరుగుపొరుగును మాత్రమే చూసి బంధాలన్నిటికీ లెక్క కట్టేశాం. 1968లో టొరంటోలోని ఈస్ట్ యార్క్‌లో 845 మందిని, ఇంటి బయట బాగా దగ్గరివాళ్లు ఆరుగురిని చెప్పమన్నారు. ఆ సర్వేను విశ్లేషించిన సామాజిక శాస్త్రవేత్త బారీ వెల్‌మన్‌కు తేలిందేమిటంటే, దగ్గరివాళ్లలో సగం మంది చుట్టాలే. అదే పేటలో ఉన్నవాళ్లు మాత్రం నూటికి 13 మందే.

ఇక్కడా అలాగే అడగాలి. ఒకరు పటమటలో, ఐదుగురు తెనాలి, మంగళగిరి వైపు ఉంటే బంధం తెగలేదు, దూరం జరిగింది. అయితే ఆ ఆరుగురికీ ఒకరికొకరు పరిచయం ఉందా అన్నదీ అడగాలి. లేకపోతే అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తినప్పుడు కబురు దానంతటది పాకదు, ఒక్కొక్కరికీ మీరే ఫోన్ చేయాలి. పట్నంలో నిజంగా సడలేది ఆ అల్లికే.