క్లయింట్ లేని డిజైనర్‌కు ఆవకాయ సీసా చాలు

కొత్తగా డిజైన్ పని వెతుక్కునేవారు చూపించే నమూనాల్లో పెద్ద కంపెనీల లోగోలకు సొంతంగా గీసిన కొత్త రూపాలే ఎక్కువ. చూడముచ్చటగా ఉంటాయి, పని మాత్రం తెచ్చిపెట్టవు. వాటిలో కొలత లేదు, చట్టం లేదు, అచ్చు ఖర్చు లేదు. డబ్బు పెట్టేవారికి తమ తలనొప్పి తెలిసిన మనిషి కావాలి.

అందుకే నా సలహా: ఇంటి దగ్గర పచ్చళ్లు చేసి అమ్మేవారికి పనికొచ్చేలా ఒక ఆవకాయ లేబుల్ చేయండి. ఎనిమిది సెంటీమీటర్ల వ్యాసమున్న సీసా తీసుకోండి. చుట్టుకొలత దాదాపు పాతిక సెంటీమీటర్లు. ఎదురుగా నిలబడ్డవారికి బాగా కనబడేది అందులో మూడో వంతే. పేరు ఆ ఎనిమిది సెంటీమీటర్లలోనే ఇమడాలి. వెనకవైపు పదార్థాలను బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. నికర బరువు, తయారీ తేదీ, పన్నులతో కలిపిన ధర, చదరంలో ఆకుపచ్చ చుక్క, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు కూడా ఉండాలి. ఆ నంబరును కల్పించకండి, 14 ఖాళీ గళ్లు వదిలేయండి. మూలన ‘సొంతంగా చేసిన నమూనా’ అని రాయండి. అబద్ధపు క్లయింటును సృష్టిస్తే ఒక్క ఫోనుతో బయటపడుతుంది.

తర్వాత అసలు కొలతలో మామూలు కాగితం మీద అచ్చు తీసి, సీసాకు చుట్టి, నాలుగడుగుల దూరం నుంచి చూడండి. చదవలేకపోతే అక్షరం పెంచండి. నూనె చేత్తో ఒకసారి పట్టుకోండి. మరకపడిన మొదటి ప్రయత్నాన్నీ, సరిచేసిన రెండోదాన్నీ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో, ఇంటర్నెట్‌లో దొరికే మెరిసే సీసా బొమ్మ కంటే ఎక్కువ నమ్మిస్తుంది.

ఉచితంగా ఎవరికైనా నిజమైన పని చేసిపెడితే మేలు కదా అంటారు కొందరు. కొన్నిసార్లు మేలే. కానీ ఊరికే వచ్చిన పనికి యజమాని సమయం ఇవ్వరు, మార్పులు మాత్రం ఆగవు. చివరకు మిగిలేది మీ తీర్పు కాదు, ఆయన బావమరిది అభిరుచి.

నన్ను ఎక్కువ బాధించేది తెలుగు అక్షరం సంగతి. ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా లిపుల అమరిక ఎంచుకోకపోతే ‘స్వచ్ఛమైన’ అన్న మాటలో ఒత్తులు విడిపోయి ‘స్‌వచ్‌ఛమైన’ అవుతుంది. వరుసల మధ్య ఖాళీ తగ్గితే పై వరుస ఒత్తు కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. మన డిజైన్ చదువంతా ఇంగ్లీషు అక్షరాల మీదే సాగింది కాబట్టి, తెలుగు సరుకు మీదే తెలుగు చివర్లో అతికించిన ముక్కలా కనిపిస్తోంది. ఈ ఒక్కటి సరిగా చేసి చూపగలవారు ఊళ్లో ఎందరున్నారో లెక్కపెట్టండి.

ఆ సీసాను పచ్చళ్ల వ్యాపారి ముందు పెట్టి మీరు మాట్లాడకండి. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి, ఆ 14 గళ్లలో తన నంబరు పడుతుందో లేదో చూసుకుంటారు.