నాయన చేను అమ్మితే తప్పు, నీ పీఎఫ్ తీస్తే ఒప్పా?

మా ఫ్రెండ్ ఒకడున్నాడు, వయసు 46, అనంతపురంలో ప్రైవేట్ ఉద్యోగం. అమ్మానాయన కళ్యాణదుర్గం పక్కన పల్లెలో ఉంటారు, ఇద్దరికీ పెన్షన్ లేదు, నెలనెలా వీడే 12 వేలు పంపిస్తాడు. పోయిన రెండేళ్లలో పీఎఫ్ నుంచి 3 లక్షలు తీసినాడు, కొంత నాయన మోకాళ్లకి, ఎక్కువ భాగం ఇంకో బోరుకి. ఆ బోరులో నీళ్లు పడలేదని వేరే చెప్పాలా, మన జిల్లానే కదా.

పంపద్దని నేను అనను. కానీ ఆ 3 లక్షలు ఇప్పటి 8.25 శాతం వడ్డీతోనే వాడికి 58 వచ్చేదాకా అట్లే ఉంటే దాదాపు 7 లక్షల 70 వేలు అయ్యేది. పీఎఫ్ తోపాటు వచ్చే ఈపీఎస్ పెన్షన్ ఆదుకుంటుందిలే అనుకుంటారు కానీ దాన్ని లెక్కేసేది మీ పూర్తి జీతం మీద కాదు, 15 వేల సీలింగ్ మీద. ఆ సీలింగ్ పెంచకపోతే 30 ఏళ్ల సర్వీసు చేసినా నెలకి 7 వేలు దాటదు. అంటే ఇంకో ఇరవై ఏళ్లకి వీడు కూడా కొడుకు పంపే డబ్బుల కోసం ఫోన్ చూస్తా కూర్చుంటాడు.

ఇంతకీ వాళ్ల నాయన పేరు మీద 12 ఎకరాల మెట్ట చేను ఉంది. వానొస్తే శెనక్కాయ, రాకపోతే బీడు. దాని మీద ఆదాయం పెద్దగా లేదు, పైగా సర్కారు ఇచ్చే 4 వేల ముసలోళ్ల పెన్షన్‌కి అడ్డం పడేది కూడా అదే, ఎందుకంటే మెట్ట భూమి 10 ఎకరాలు దాటితే ఆ ఇంటికి ఇయ్యరు. అన్నం పెట్టక, పెట్టేదాన్ని కూడా రానీకుండా చేసే ఆస్తి ఇది.

అందుకే 3 ఎకరాలు అమ్మమంటున్నా, మొత్తం కాదు. ఎకరా 4 లక్షలు అనుకుందాం, 12 లక్షలు. దాన్ని పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేస్తే ఇప్పటి 8.2 శాతం మీద మూడు నెలలకోసారి 24,600 వస్తుంది, నెలకి 8,200 అన్నమాట. మిగిలిన చేను 9 ఎకరాలు, అంటే భూమి అడ్డం తొలిగినట్టే. పల్లెలో ఇంటి ఆదాయం నెలకి 10 వేల లోపు ఉండాలి, అదీ దాటలేదు. వీడి రేషన్ కార్డు ముందునుంచే వేరే, అది మంచిదైంది, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టే కొడుకు అదే కార్డులో ఉంటే అక్కడే ఆగిపోతుంది. కొత్త దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఆ 4 వేలు కూడా వస్తే 12,200. రాకపోయినా వీడు 4 వేలు పంపితే చాలు. మిగిలే 8 వేలు వాలంటరీ పీఎఫ్‌లో వేసుకుంటే 12 ఏళ్లకి దాదాపు 19 లక్షలు.

చేను ధర పెరుగుతుంది, వడ్డీ పెరగదు కదా అంటారు. నిజమే, ఈ 8,200 ఐదేళ్లు అంతే ఉంటుంది. కానీ పెరిగే ధరతో మాత్రలు కొనలేం, మిగిలిన 9 ఎకరాల్లో ఆ పెరుగుదల ఎట్లాగూ ఉంటుంది, కావాలంటే అప్పుడు ఇంకో రెండు అమ్ముకోవచ్చు.

అసలు దెబ్బ తినేది రిజిస్ట్రేషన్ దగ్గర. కొనేవాడు సగం క్యాష్ ఇస్తా అంటాడు, మనోళ్లు సరే అంటారు, తర్వాత ఆ క్యాష్ స్కీములో వేయాలంటే కుదరదు, లక్ష దాటితే చెక్కే అడుగుతారు. టౌనుకి దూరంగా ఉన్న పల్లెల్లో వ్యవసాయ భూమి అమ్మితే లాభం మీద పన్నే లేదు, ఇంక దాచుకోడానికి ఏముంది చెప్పండి? మొత్తం బ్యాంకులోనే తీసుకోండి. పిత్రార్జితమైతే అక్కాచెల్లెళ్లకీ సమాన వాటా ఉంది, ముందే కూర్చోబెట్టి మాట్లాడి సంతకాలు పెట్టించుకోండి. డబ్బులు వేసినాక ఏడాది లోపల తీస్తే వడ్డీ మొత్తం పోతుంది, కాబట్టి ఆస్పత్రికని ఒక లక్ష బయట పెట్టుకుని మిగతాది వేయడం మేలు, వడ్డీ కొంచెం తగ్గుతుంది అంతే. 70 దాటినోళ్లకి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఉంది, వాళ్ల నాయనకి 72, ఇంతవరకు తీసుకోలేదు.

ఇంక నాకు అన్నిటికంటే ముఖ్యమైంది, ఆ ఖాతా ఎవరి పేరు మీద అనేది. అమ్మ పేరు ముందు, నాయన జాయింట్. మన సీమలో చేను నాయనది, బోరు నాయనది, అప్పు మాత్రం ఇద్దరిదీ. నాయన పోతే పాసుబుక్కు మారేదాకా ఆమె కొడుకుల ఇళ్లు తిరుగుతా ఉండాల్సిందే, నేను చూసినా ఇట్లాంటివి, ముగ్గురు కొడుకులుండి నెలకొకరి వంతు. ఈ ఖాతాలో ఆ బాధ లేదు, భార్యాభర్తల్లో ఎవరు మిగిలినా వడ్డీ ఆగదు.

నాయన ఇంకా ఒప్పుకోలేదు. అమ్మ మాత్రం అంతా విని ఒకటే అడిగింది, "నేను పోయినంక ఆ దుడ్డు నీకొస్తాదా నాయనా?" నామినీ రాస్తే వస్తుందమ్మా అన్నాడు వీడు. "అట్లయితే మూణ్ణెల్లకోసారి నేనే పోయి తెచ్చుకుంటా, మీ నాయన్ని పంపీకు."