పలాస జీడిపప్పు క్లిప్: సంతకం ముందు, కెమెరా తర్వాత

అమెరికా నుంచి సెలవులకి సిక్కోలు వెళ్ళొచ్చిన వాళ్ళ ఫోన్లలో అరసవల్లి గుడి, కళింగపట్నం లైట్‌హౌస్, బారువ బీచ్‌లో సూర్యోదయం తప్పకుండా ఉంటాయి. ఇంటిల్లిపాదీ చూసుకోవడానికి అవి చాలు. మనం తీసిన చిన్న వీడియో ముక్కలని కావలసినవాళ్ళకి అమ్మిపెట్టే స్టాక్ వీడియో సైట్లలో పెడదామనుకునే వాళ్ళకి మాత్రం మా సలహా వేరు. సూర్యోదయం ప్రపంచంలో ప్రతి సముద్రం ఒడ్డునా ఉంది, కొనేవాడికి బారువదే కావాలన్న పట్టింపు ఉండదు. గుడి లోపల తీసి అమ్మాలంటే గుడి వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. శాలిహుండం లాంటి పురావస్తు శాఖ కట్టడాల దగ్గర వ్యాపారం కోసం తీయాలంటే ఆ శాఖ అనుమతి కావాలి. అమ్ముడుపోయే అవకాశం ఉన్నవి ఊళ్ళో ఎవరూ వీడియో తీయదగ్గవనుకోని పనులు. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు తీసే పని అలాంటిది.

స్టాక్ క్లిప్ కొనేది ఎవరో ఒకసారి ఆలోచించండి. డ్రైఫ్రూట్ కంపెనీ ప్రకటన చేసే ఎడిటర్, వంటల కార్యక్రమం వాళ్ళు, వ్యవసాయం మీద డాక్యుమెంటరీ తీసేవాళ్ళు. వాళ్ళకి కావలసింది కథ కాదు, ఒకే పని స్పష్టంగా కనబడే ఏడెనిమిది సెకన్ల ముక్క. జీడి పిక్కలని ఉడికించి ఆరబెట్టడం, కాలితో తొక్కే కటింగ్ మిషన్ మీద చెక్కు పగలగొట్టడం, పప్పుని వేడిలో ఆరబెట్టడం, చిన్న చాకుతో పొట్టు తీయడం, గుండునీ బద్దనీ వేరు చేసి సైజుల వారీగా ఏరడం. ఇన్ని దశల్లో మొదటిసారి తీసేవాళ్ళకి పొట్టు తీసే దశే మంచిది. చెక్కు పగలగొట్టే చోట జీడి నూనె చిమ్ముతుంది. అది చర్మాన్ని కాలుస్తుంది, అందుకే అక్కడ పనిచేసేవాళ్ళు చేతులకి నూనో బూడిదో రాసుకుంటారు. పైగా మిషన్ అదురు నేల మీదుగా ట్రైపాడ్‌కి పాకుతుంది. పొట్టు తీసే చోట మనిషి కదలకుండా కూర్చుంటుంది, పని అరచేతిలోనే జరుగుతుంది, గోధుమ రంగు పొట్టు ఊడి లోపలి తెల్ల పప్పు బయటపడుతుంది. కళ్ళముందు మార్పు జరిగే పనికి క్లిప్‌లో విలువ ఎక్కువ.

ఇక సంతకం సంగతి. దీన్ని షూటింగ్ అయ్యాక చూసుకుందామనుకునే వాళ్ళే ఎక్కువ, నిరాశపడేదీ వాళ్ళే. ప్రకటనల్లో వాడుకోగల క్లిప్‌గా అమ్మాలంటే, గుర్తుపట్టగలిగే ప్రతి మనిషి దగ్గర నుంచీ మోడల్ రిలీజ్ అనే సంతకం చేసిన కాగితం తీసుకోవాలి. ముఖం కనబడకపోతే అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. వట్టి చేతులైతే సాధారణంగా అడగరు. కానీ మన వైపు పెద్ద వయసు ఆడవాళ్ళ ముంజేతుల మీద పచ్చబొట్లుంటాయి. పేరో, ముగ్గు లాంటి చుక్కలో, దాన్ని చూసి ఊళ్ళో వాళ్ళు మనిషిని ఇట్టే చెప్పేస్తారు. అలాంటి చెయ్యి ముఖంతో సమానమే. కాబట్టి ఫ్రేములో చేతులే ఉన్నా రిలీజ్ తీసుకోండి. వెనకాల గోడ పక్కన కూర్చున్న మరో ఇద్దరు మసగ్గా ఉన్నా పోల్చుకునేలా ఉంటే వాళ్ళవీ కావాలి, లేదా వాళ్ళు పడకుండా ఫోన్ తిప్పుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళ తరఫున తల్లో తండ్రో సంరక్షకులో సంతకం పెట్టాలి. పని చేసే చోట పిల్లలని అసలు ఫ్రేములోకి రానివ్వకండి.

జాగాకి వేరే కాగితం, దాని పేరు ప్రాపర్టీ రిలీజ్. జీడి బట్టీ లోపల తీస్తే దాని యజమాని సంతకం పెట్టాలి. షెడ్డు అద్దెకి తీసుకుని నడిపేవాడి సంతకం ఒక్కటే సరిపోతుందనుకోకండి, స్థలం ఎవరిదో అడిగి వాళ్ళచేత పెట్టించండి. డబ్బాల మీద, బస్తాల మీద కంపెనీ పేరుంటే అటు తిప్పేయాలి. గోడ మీది క్యాలెండర్, దేవుడి పటం, సినిమా పోస్టర్ ఎవరో గీసిన బొమ్మలే, అవీ ఫ్రేములో ఉండకూడదు.

మా అభిప్రాయం గట్టిగా చెప్పాల్సింది ఇక్కడే. అమెరికా నుంచి వచ్చిన మనిషి ఫోన్ పట్టుకుని అడిగితే మన ఊళ్ళో కాదనేవాళ్ళు తక్కువ. "తియ్యండి బాబూ, ఏటవుతాది" అంటారు. మొహమాటానికి అన్న ఆ మాటని అనుమతిగా లెక్కేసుకోకూడదు. ఫారమ్ ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి సంతకానికి ముందే తెలుగులో ఇలా చెప్పాలి: "అమ్మా, ఈ వీడియో నేను ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెడతాను. ఎవరైనా కొనుక్కుని వాళ్ళ సరుకు ప్రకటనలో మీ చేతులు చూపించొచ్చు. అది ఏ సరుకో నేను ముందుగా చెప్పలేను. ఒకసారి అమ్ముడుపోతే వెనక్కి తీసుకోలేం. మిమ్మల్ని కించపరిచేలా వాడకూడదని రూలు ఉంది. మీకు ఇష్టం లేకపోతే వద్దనండి, నేనేమీ అనుకోను." యజమాని పక్కనే నిలబడి ఉండగా అడగకండి, అప్పుడు ఆమెకి వద్దనే వీలుండదు. ఆమె రోజు కూలిలో సగానికి తగ్గకుండా అక్కడికక్కడే చేతిలో పెట్టండి. పొట్టు తీసేవాళ్ళకి తీసిన పప్పు బరువుని బట్టి కూలి ఇచ్చే చోట, మన కోసం ఆగిన ప్రతి నిమిషమూ ఆమెకి నష్టమే. క్లిప్ అమ్ముడుపోయాక చూద్దాం అనడం న్యాయం కాదు. రిలీజ్‌లో ఆమె పూర్తి పేరు, చిరునామా, తీసిన తేదీ రాయాలి. సాక్షిగా మూడో మనిషి సంతకం పెట్టాలి, తీసిన మీరే సాక్షి కాకూడదు. ఒక కాపీ ఆమెకిచ్చేయండి.

ఈ కాగితాలు లేకపోతే ఎడిటోరియల్ విభాగంలో పెట్టే వీలు కొన్ని సైట్లలో ఉంది. వార్తలకీ సమాచారానికీ మాత్రమే వాడే క్లిప్పులవి, ప్రకటనలకి పనికిరావు. ఊరు, తేదీ వివరణలో రాయాలి, ఉన్నదున్నట్టు తీయాలి. ఇది సైట్ల నియమం మాత్రమే. రూలు ఒప్పుకుంది కదా అని పనిచేసుకునే మనిషిని అడక్కుండా తీయకూడదని మా మాట.

ఇప్పుడు ఫోన్ సంగతి. అమెరికాలో కొన్న ఫోన్‌తో ఇండియాలో ట్యూబ్‌లైట్ కింద తీస్తే తెల్లటి గోడ మీద నల్లని అడ్డ పట్టీలు మెల్లగా పాకుతూ కనిపిస్తాయి. చిన్న తెర మీద తెలియకపోయినా లాప్‌టాప్‌లో తెలిసిపోతుంది, సైటు వాళ్ళు తిప్పి పంపుతారు. కారణం కరెంటు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఇక్కడి దీపం సెకనుకి 100 సార్లు మెరిసి తగ్గుతుంది. ఒక్కో ఫ్రేముకి షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ ఉంటే ప్రతి ఫ్రేములోకీ పూర్తి మెరుపులే వస్తాయి, 1/60 అయితే అరకొరగా వచ్చి పట్టీ పడుతుంది. ఐఫోన్‌లో Settings > Camera > Record Video లోకి వెళ్ళి Show PAL Formats ఆన్ చేస్తే 25 ఫ్రేములు కనిపిస్తాయి, 4కె 25 ఎంచుకోండి. అక్కడే HDR Video ఆపేయండి, లేకపోతే వేరే తెరల మీద తెలుపు పేలిపోయినట్టు కనబడుతుంది. Lock Camera ఆన్ చేస్తే మధ్యలో లెన్స్ మారి బొమ్మ ఎగరదు. షట్టర్‌ని చేత్తో పెట్టుకోవడానికి ఉచితంగా దొరికే Blackmagic Camera యాప్ ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ ఉంది. ఇవన్నీ కుదరకపోతే దీపం ఆపించి, గుమ్మం పక్కన పగటి వెలుగులో కూర్చోమనండి. పప్పు అసలు రంగు కూడా అప్పుడే తెలుస్తుంది. దీపమూ ఎండా కలిస్తే ఒక పక్క పచ్చగా, మరో పక్క నీలంగా పడుతుంది.

ట్రైపాడ్ తప్పనిసరి. చేతితో పట్టుకుంటే ఫోన్ స్థిరత్వం కోసం అంచులని సాగదీస్తుంది, ఆ సాగుడు పెద్ద తెర మీద నీళ్ళలా ఊగుతుంది. ట్రైపాడ్ కాళ్ళు గచ్చు మీదే ఆనాలి, పని చేసే బల్ల మీద కాదు. నడుమ కొక్కెం ఉంటే కిలో రెండు కిలోల సంచీ తగిలించండి. ఫోన్ చేతుల నుంచి రెండడుగుల లోపు, ఒకటో నంబరు లెన్స్‌తో ఉండాలి, జూమ్ వద్దు. చేతుల దగ్గర తెర మీద వేలు నొక్కిపట్టి AE/AF LOCK వచ్చేదాకా ఉంచండి, లేకపోతే చాకు కదిలినప్పుడల్లా ఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటుంది. లెన్స్ తుడిచి మొదలుపెట్టండి, జీడి నూనె అంటిన వేలు తగిలితే మొత్తం మంచు పట్టినట్టు వస్తుంది.

ఒక్కో షాట్ ముప్పై సెకన్లు తీసి, బటన్ నొక్కిన కుదుపు పోయేలా ముందూ వెనకా రెండేసి సెకన్లు కోసేయండి. మిగిలిన దాంట్లో మంచి పది పదిహేను సెకన్లు ఉంచండి. అడోబ్ స్టాక్, షట్టర్‌స్టాక్ రెండూ ఐదు సెకన్ల నుంచి అరవై దాకా తీసుకుంటాయి. అదే చోట మూడు షాట్లు చాలు: పొట్టు తీసే చేతులు దగ్గరగా, తీసిన పప్పు పళ్ళెంలో పడుతున్నది పై నుంచి, కొంచెం దూరం నుంచి చేతులు ఒక పక్క, రెండో పక్క ఖాళీ. ఆ ఖాళీ ఎడిటర్ తన అక్షరాలు పెట్టుకోవడానికి. పాట, పేరు, స్లోమోషన్, ఫిల్టర్ ఏమీ కలపకండి. శబ్దం పూర్తిగా తీసేయడం మంచిది, ఎక్కడో మోగే సినిమా పాట ఒక్కటి వినబడినా క్లిప్ తిరస్కరిస్తారు.

ఊళ్ళో ఉన్న మేనల్లుడో చెల్లెలో తీసి పంపేటట్టయితే వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపనివ్వకండి, నాణ్యత నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా గానీ గూగుల్ డ్రైవ్‌లో గానీ పెట్టమనండి. సైటులో ఖాతా కూడా తీసిన మనిషి పేరునే ఉండాలి, హక్కు వాళ్ళది కాబట్టి. ఇండియాలో ఉండేవాళ్ళు W-8BEN ఫారమ్ నింపి పాన్ నంబరిస్తే అమెరికాలో జరిగిన అమ్మకాల రాయల్టీ మీద 30 శాతం బదులు 15 శాతం పన్ను కోత పడుతుంది. అమెరికాలో వీసా మీద ఉన్నవాళ్ళు సొంత పేరుతో మొదలుపెట్టే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగాలి. అడోబ్ స్టాక్‌లో వీడియో అమ్మిన ధరలో 35 శాతం తీసిన వాళ్ళకి వస్తుంది, 25 డాలర్లు పోగయ్యాకే చేతికందుతుంది.

చివరగా పేరు పెట్టడం. "Cashew nuts" అని ఊరుకుంటే ఎవరికీ కనబడదు. చూస్తున్నదే రాయండి:

```
Woman's hands peeling brown skin from cashew kernels with a small knife, close up, India
```

కీవర్డుల్లో ముఖ్యమైన పదింటినీ ముందు పెట్టండి, అడోబ్ స్టాక్ వెతుకులాటలో వరసకి విలువ ఉంది. క్లిప్ ఎక్కించేటప్పుడే రిలీజ్ ఫోటోలు జతచేయండి. ఫైలు పేర్లలో తేదీ, పని పేరు ఉంచితే ఏ కాగితం ఏ క్లిప్‌దో ఏడాది తర్వాత కూడా వెతుక్కోనక్కర్లేదు.