అక్షరం కనపడని జూమ్ ఎవరి కోసం?

ఇప్పుడే ఒక శిక్షణ వీడియో మధ్యలో ఆపేసి వచ్చి ఇది రాస్తున్నా. ఎక్సెల్‌లో డ్రాప్‌డౌన్ లిస్టు ఎలా పెట్టాలో నేర్పే వీడియో అది. అసలు పనంతా Data Validation డైలాగ్‌లో Source అనే ఒక్క గడిలో ఉంటుంది. సరిగ్గా ఆ గడి దగ్గరికి జూమ్ చేశారు, అంతే, అక్షరాలు అలుక్కుపోయాయి. అక్కడున్నది డాలరు గుర్తో S అక్షరమో తెలియట్లేదు. కర్సర్ చుట్టూ పెట్టిన పసుపు చక్రం మిగతా సగం ఫార్ములాను కప్పేసింది. ఆ వీడియో చూసేవాళ్లకి కావలసిందల్లా ఆ ఒక్క లైను. అదే కనపడకపోతే మిగతా వీడియో ఎందుకు?

ఇది ఎడిటింగ్‌లో వచ్చిన తప్పు కాదు. రికార్డ్ బటన్ నొక్కకముందే జరిగిన తప్పు. అందుకే ఇంత కోపం.

లెక్క చాలా చిన్నది. 1920 x 1080 తెరని అదే సైజులో రికార్డ్ చేసి, 1080 టైమ్‌లైన్‌లో వేసి, రెండు రెట్లు జూమ్ చేశారనుకోండి. అప్పుడు తెర మీద కనిపించేది 960 x 540 ముక్క మాత్రమే. ఒక్కో పిక్సెల్‌ని సాగదీసి నాలుగు పిక్సెళ్ల చోటు నింపుతున్నారు. ఫొటో అయితే కొంత ఓర్చుకుంటుంది, సన్నటి గీతలతో నడిచే అక్షరం ఓర్చుకోదు. పోనీ జూమ్ మానేద్దామా అంటే అదీ కుదరదు. 11 పాయింట్ల అక్షరాల్లో పెద్దబడి అక్షరం ఎత్తు మామూలు తెర మీద సుమారు 10 పిక్సెళ్లు. ఫోన్ అడ్డంగా పట్టుకుంటే వీడియో ఎత్తు దాదాపు 7 సెంటీమీటర్లు, అందులో 1080 పిక్సెళ్లు సర్దుకోవాలి. అంటే ఆ అక్షరం మిల్లీమీటరు కూడా ఉండదు. కాబట్టి జూమ్ కావాలి, కానీ దానికి సరిపడా పిక్సెళ్లు ముందే పట్టుకుని ఉండాలి.

4కె మానిటర్ ఉంటే విండోస్ సెట్టింగ్స్‌లో Display resolution 3840 x 2160 దగ్గరే ఉంచి, Scale 200% పెట్టండి. బటన్లు, మెనూలు 1080 తెర మీద ఉన్నంత సైజులోనే కనిపిస్తాయి, కానీ ఒక్కోటి నాలుగు రెట్ల పిక్సెళ్లతో గీసి ఉంటాయి. ఆ రికార్డింగ్‌ని 1080 టైమ్‌లైన్‌లో వేస్తే రెండు రెట్ల వరకు జూమ్ చేసినా అక్షరం అంచు చెదరదు. కొన్ని ఎడిటర్లలో తెరకి సరిపోయేలా పెట్టిన క్లిప్పు స్కేల్ 50 అని చూపిస్తుంది. అక్కడ 100 మీ హద్దు, దాటితే మసకే. ఇంకొన్ని ఎడిటర్లు సరిపెట్టిన సైజునే 1 అంటాయి. అక్కడ హద్దు 2.

ఇంతా చేసి, తెర రికార్డ్ చేసే ఓబీఎస్‌లో చాలామంది ఒక చోట దెబ్బతింటారు. Settings లో Video పేజీకి వెళ్తే Base (Canvas) Resolution అని ఒకటి, Output (Scaled) Resolution అని ఒకటి ఉంటాయి. పైది 3840 x 2160 పెట్టి కిందది 1920 x 1080 దగ్గరే వదిలేస్తే, ఫైల్ రాసేటప్పుడే బొమ్మ కుదించుకుపోతుంది. ఆ సంగతి జూమ్ చేసిన రోజు బయటపడుతుంది. అందుకే పది సెకన్లు రికార్డ్ చేసి, ffmpeg తో పాటు వచ్చే ffprobe తో కమాండ్ విండోలో ఇది నడపండి:

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=width,height -of csv=p=0 test.mp4
```

జవాబు `3840,2160` అని రావాలి. `1920,1080` అని వస్తే ఆపి సరిచేసుకోండి. 1080లో రికార్డ్ చేసిన ఫైల్‌ని 4కె ప్రాజెక్టులో వేస్తే సరిపోతుందని సలహాలిచ్చే వాళ్లున్నారు. దయచేసి నమ్మకండి. లేని పిక్సెల్ ప్రాజెక్టు సెట్టింగ్ మారిస్తే పుట్టదు.

4కె మానిటర్ లేదా? అయినా దారి ఉంది. 1080 తెర మీదే Scale 150% పెట్టండి. మెనూలు, డైలాగులు, అక్షరాలు అన్నీ ఒకటిన్నర రెట్లు పెద్దవిగా, అసలు పిక్సెళ్లతోనే గీయబడతాయి. పని చేసుకునే చోటు 1280 x 720 అంత ఇరుకవుతుంది, నిజమే. కానీ అప్పటికే సగం జూమ్ అయిపోయినట్టే కదా, ఎడిటింగ్‌లో 1.2 లేదా 1.3 రెట్లు చాలు. ఎక్సెల్ కింద మూలనున్న జూమ్ స్లైడర్‌ని మాత్రం నమ్ముకోకండి. అది గళ్లను పెంచుతుంది, రిబ్బన్‌నీ డైలాగ్‌నీ పెంచదు. మన కష్టమంతా ఆ డైలాగ్ దగ్గరే. స్కేల్ మార్చాక కొన్ని ప్రోగ్రాములు మసగ్గా కనిపిస్తాయి. ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ వస్తే సర్దుకుంటాయి.

ఇక ఆ వీడియోలో నాశనమైన ముక్కనే తీసుకుందాం. B2 నుంచి B50 వరకు డ్రాప్‌డౌన్ కావాలి, లిస్టులోని పేర్లు E2 నుంచి E6 వరకు ఉన్నాయి. మొదట మొత్తం తెర చూపించాలి, నాలుగైదు సెకన్లు. B ఎక్కడుంది, E ఎక్కడుంది అని చూసేవాళ్లు మనసులో పెట్టుకోవడానికి ఆ టైమ్ కావాలి. తర్వాత Data ట్యాబ్‌లో Data Validation బటన్ ఉన్న వైపుకి 1.5 రెట్లు. డైలాగ్ తెరుచుకున్నాక వెనక్కి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లకండి. అదే జూమ్‌లో ఉండి ఫ్రేమ్‌ని డైలాగ్ మీదకి జరపండి, అక్కడే 2 రెట్లకి చేరండి. Allow లో List ఎంచుకోవడం, Source లో `=$E$2:$E$6` రావడం, OK నొక్కడం, మూడూ ఆ ఒక్క ఫ్రేమ్‌లోనే అయిపోవాలి. అయితే E కాలమ్ కూడా అదే ఫ్రేమ్‌లో పట్టాలి, లేకపోతే ఆ ఫార్ములా ఎక్కడినుంచి ఊడిపడిందో అర్థం కాదు. అందుకని రికార్డింగ్‌లోనే డైలాగ్‌ని లాగి E కాలమ్ పక్కకి తెచ్చుకోవాలి. ఎడిటర్ ఎంత గొప్పవాడైనా తర్వాత ఆ డైలాగ్‌ని జరపలేడు.

OK నొక్కిన క్షణంలోనే జూమ్ వెనక్కి లాగేస్తారు చూడండి, ఒళ్లు మండిపోతుంది. డైలాగ్ మూసుకుంది, ఒక సెకను ఆగండి, ఆ తర్వాత B2 దగ్గరికి రండి. గడి పక్కన చిన్న బాణం వచ్చిందని చూపించడమే కదా ఈ పాఠం ఫలితం!

జూమ్ కదలికకి 0.8 నుంచి 1 సెకను ఇవ్వండి. మొదలూ చివరా మెత్తగా ఉండేలా ఈజ్ పెట్టండి. క్లిక్‌కి కనీసం అర సెకను ముందే కదలిక ఆగిపోవాలి. ఫ్రేమ్ కదులుతూ, అందులో కర్సర్ కూడా కదులుతూ ఉంటే కన్ను దేన్ని పట్టుకోవాలో తెలియక రెండూ వదిలేస్తుంది. ఈ అర సెకను దొరకాలంటే రికార్డ్ చేసేవాళ్లు ప్రతి క్లిక్‌కి ముందు మౌస్‌ని ఒకటిన్నర సెకను కదలకుండా ఉంచాలి. ఉంచలేదా, ఆ ఫ్రేమ్‌ని ఒక సెకను ఫ్రీజ్ చేసి చోటు చేసుకోవచ్చు. డైలాగ్ అప్పటికే నిశ్చలంగా ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

కర్సర్ హైలైట్ గురించి. పసుపు చక్రాన్ని మొదటి నిమిషం నుంచి చివరి దాకా అంటించి పెడితే అది హైలైట్ కాదు, తెర మీద తిరిగే మచ్చ. కర్సర్ ఎక్కడికో దూరంగా వెళ్తున్నప్పుడు వెయ్యండి, చేరాక తీసెయ్యండి. నిండు చక్రం బదులు ఖాళీ వలయం పెడితే కింద అక్షరం బతుకుతుంది. నిండుదే కావాలంటే గాఢత 30 శాతం దాటని పల్చటి రంగు చాలు. టైప్ చేసేటప్పుడు మౌస్‌ని గడి మీదనుంచి పక్కకి తీసేయాలి. ఇవాళ చూసిన వీడియోలో ఈ చివరి పని ఒక్కటి చేసినా సగం ఫార్ములా కనపడేది.

ఇంకో సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఓబీఎస్‌తో తీస్తే కర్సర్ బొమ్మలోనే కలిసిపోతుంది. రెండు రెట్లు జూమ్ చేస్తే బాణమూ, రికార్డ్ చేసేటప్పుడే పెట్టిన వలయమూ రెండు రెట్లవుతాయి. తర్వాత చిన్నది చేయడం, దాచడం కుదరదు. క్యామ్టేషియా లాంటివి తమ సొంత రికార్డింగ్‌లో కర్సర్‌ని విడిగా దాచుకుంటాయి, సైజూ హైలైటూ తర్వాత మార్చుకోవచ్చు. అందుకే ఓబీఎస్‌తో పని చేసేవాళ్లు హైలైట్‌ని రికార్డింగ్‌లో పెట్టకండి. ఎడిటింగ్‌లో కావాల్సిన చోట వలయం గీసుకోండి.

తెర మీద బాణాలూ మాటలూ వేసి చూపించే కాల్అవుట్లది వేరే బాధ. బాణం గాల్లో ఎటో చూపిస్తూ ఉండే వీడియోలు మీరూ చూసే ఉంటారు. కారణం ఒకటే. జూమ్ వీడియో క్లిప్పు మీద ఉంది, బాణం పై ట్రాక్‌లో విడిగా ఉంది. కింద బొమ్మ కదిలింది, బాణం ఉన్నచోటే ఉండిపోయింది. జూమ్ పూర్తిగా ఆగాక బాణాన్ని తెచ్చి, మళ్లీ జూమ్ కదలకముందే తీసెయ్యండి. లేదంటే క్లిప్పునీ బాణాన్నీ గ్రూప్ చేసి జూమ్‌ని గ్రూప్‌కే ఇవ్వండి. నాకైతే మొదటిదే నచ్చుతుంది. గ్రూప్ చేస్తే బాణం మీద రాసిన మాటలు కూడా జూమ్‌తో పాటు ఉబ్బిపోతాయి. అయిదారు మాటలున్న కాల్అవుట్ కనీసం మూడు సెకన్లు నిలబడాలి. Source గడికి బాణం కూడా అక్కర్లేదు, చుట్టూ సన్నటి చట్రం గీసి, పక్కనున్న ఖాళీలో "డాలరు గుర్తులు ఉండాలి" అని రాస్తే చాలు. ఆ డాలర్లు లేకపోతే ఏమవుతుందో తెలుసా? ఒక్కో గడికీ లిస్టు ఒక్కో వరస కిందికి జారుతుంది. B2లో అయిదు పేర్లూ వస్తాయి, B3లో మొదటి పేరు పోతుంది, చివర ఖాళీ ఒకటి చేరుతుంది. మసకబారింది సరిగ్గా ఆ గుర్తులే. అది చూసి నేర్చుకున్నవాళ్ల షీట్లు ఎన్ని తప్పుతున్నాయో.

ఇదంతా రాస్తుంటే పాత మంట ఒకటి గుర్తొచ్చింది. ఆటో జూమ్. క్లిక్ ఎక్కడ పడితే అక్కడికి దానంతటదే దూకే సౌకర్యం. దాన్ని ఆన్ చేసి, వచ్చింది వచ్చినట్టు ఎగుమతి చేసి, "ప్రొఫెషనల్‌గా వచ్చింది" అని పంపేవాళ్లు రోజురోజుకీ పెరుగుతున్నారు. ఆ ప్రోగ్రాముకి తెలిసింది క్లిక్ పడిన చోటు, అంతవరకే. పైన చెప్పిన పాఠాన్ని దానికిచ్చి చూడండి. Allow మీద క్లిక్, దూకింది. List మీద క్లిక్, మళ్లీ కదిలింది. Source లో క్లిక్ పడగానే ఆ గడికి అతుక్కుపోయింది, E కాలమ్ ఫ్రేమ్ బయటికి పోయింది. OK నొక్కాక ఫలితం కనిపించేది B2లో, అక్కడ ఇంకా క్లిక్ పడలేదు కాబట్టి అటు చూడనే చూడదు. చూడాల్సిన చోటు చాలాసార్లు క్లిక్ పడని చోటే ఉంటుంది! ఆటో జూమ్‌లు వేసుకోండి, కాదనను. కానీ తర్వాత టైమ్‌లైన్‌లో కూర్చుని ఒక్కోటి తెరిచి చూడండి. ఈ పాఠానికి మూడు జూమ్‌లు చాలు, రిబ్బన్‌కి ఒకటి, డైలాగ్‌కి ఒకటి, ఫలితానికి ఒకటి. మిగతావన్నీ తీసెయ్యండి.

ఎగుమతి చేశాక పెద్ద మానిటర్ మీద చూసి సరే అనకండి. ఫైల్‌ని ఫోన్‌లో వేసి, Source గడి ఉన్న ఫ్రేమ్ దగ్గర ఆపి, ఈ పాఠం ఎప్పుడూ చూడని మనిషికి ఇచ్చి, అక్కడ రాసింది బయటికి చదవమనండి. డాలరు గుర్తులతో సహా చదవగలిగితే పెట్టండి. తడబడితే మళ్లీ రికార్డ్ చెయ్యండి, ఆ ముక్క నిండా నిమిషం కూడా లేదు.