కట్ట ధర కాదు, కిలో భాస్వరం ధర చూడండి

ఎరువుల దుకాణంలో రెండు యూరియా కట్టలు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఒకటి మామూలు వేపపూత యూరియా, ఇంకోటి గంధకం పూత వేసిన యూరియా గోల్డ్. రెండింటి ధరా 266 రూపాయల 50 పైసలే. కానీ మొదటిది 45 కిలోల కట్ట, అందులో నత్రజని 46 శాతం. రెండోది 40 కిలోలే, నత్రజని 37 శాతం. అంటే ఒకే డబ్బుకు ఒక కట్టలో 20.7 కిలోల నత్రజని వస్తే, రెండో కట్టలో 14.8 కిలోలే వస్తుంది. తేడా దాదాపు ఆరు కిలోలు. దానికి బదులుగా 17 శాతం లెక్కన 6.8 కిలోల గంధకం ఉంటుంది. ఇది లాభమా నష్టమా అన్నది కట్ట ధర చూస్తే తేలదు. మొక్కకు పోయే పోషకం కిలో ఎంత పడుతోందో లెక్క వేసుకుంటేనే తెలుస్తుంది.

లెక్క యూరియాతో మొదలుపెట్టాలి, ఎందుకంటే అందులో ఉన్నది ఒక్క నత్రజనే. 266.50ని 20.7తో భాగిస్తే కిలో నత్రజని సుమారు 13 రూపాయలు. దేశంలో రైతుకు ఇంతకంటే చవకగా దొరికే నత్రజని లేదు. యూరియా గరిష్ఠ ధరను కేంద్రమే నిర్ణయిస్తుంది, మిగతా ఖర్చంతా సబ్సిడీగా భరిస్తుంది. 2010 నుంచి భాస్వరం, పొటాష్ ఎరువులకు వేరే పద్ధతి అమల్లో ఉంది. అక్కడ పోషకాన్ని బట్టి కిలోకు ఇంత అని సబ్సిడీ ఇస్తారు, అమ్మకం ధర కంపెనీలు పెట్టుకుంటాయి. మధ్యలో డీఏపీ ప్రత్యేకం. దాని 50 కిలోల కట్ట ధర 1350 దాటకుండా కేంద్రం అదనపు సాయం ఇస్తూ వస్తోంది. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం శాతాలే వరసగా పేరైన 20-20-0-13, 28-28-0 లాంటి కాంప్లెక్సులకు ఆ కాపలా లేదు. ఈ తేడా వల్లే పక్కపక్కన ఉన్న కట్టల్లో ఒకే పోషకానికి రెండు, మూడు ధరలు పలుకుతాయి.

చాలామంది చేసే లెక్క ఒకటుంది. కట్టలోని పోషకాలన్నీ కలిపేసి, ధరను ఆ మొత్తంతో భాగిస్తారు. డీఏపీ 50 కిలోల్లో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం, కలిపి 32. అంటే కిలోకు 42 రూపాయలు. 20-20-0-13 కట్ట 1300 అనుకుందాం. (కాంప్లెక్సుల ధరలు కంపెనీని బట్టి, సీజన్‌ను బట్టి మారతాయి. మీ ఊళ్లో కట్ట మీద ఏ ధర ముద్రించి ఉంటే అది వేసుకోండి.) అందులో 10 నత్రజని, 10 భాస్వరం, 6.5 గంధకం, కలిపి 26.5. కిలోకు 49. చూడటానికి పెద్ద తేడా లేదు, పైగా గంధకం కూడా వచ్చిందే అనిపిస్తుంది. కానీ 13 రూపాయలకు దొరికే నత్రజనినీ, దానికి నాలుగింతల ఖరీదున్న భాస్వరాన్నీ ఒకే తక్కెడలో వేసి తూచిన లెక్క ఇది.

సరైన పద్ధతి ఇంకోటి ఉంది. కట్టలో ఉన్న నత్రజనికి యూరియా ధరే కట్టి, ఆ మొత్తాన్ని కట్ట ధరలోంచి తీసేయాలి. మిగిలింది భాస్వరానికి మనం పెడుతున్న డబ్బు. డీఏపీలో 9 కిలోల నత్రజనికి 117 రూపాయలు పోతే 1233 మిగులుతుంది. దాన్ని 23తో భాగిస్తే కిలో భాస్వరం దాదాపు 54. ఇదే పద్ధతిలో 20-20-0-13 చూస్తే, నత్రజనికి 130 పోగా 1170 మిగిలింది, భాస్వరం 10 కిలోలు, అంటే కిలో 117. 28-28-0 కట్ట 1700 అనుకుంటే కిలో 108 పడుతుంది. కలిపి భాగించినప్పుడు 42కీ 49కీ మధ్య ఉన్న తేడా ఇప్పుడు 54కీ 117కీ మధ్య తేడాగా బయటపడింది. కాంప్లెక్సులో వచ్చే నత్రజని యూరియా నత్రజని చేసే పనే చేస్తుంది, దానికి ఎక్కువ ధర కట్టడానికి కారణం కనపడదు.

ఇక్కడ డీలరు గంధకం మాట తెస్తాడు. న్యాయమైన మాటే. అందుకని సూపర్ కట్టను కూడా లెక్కలోకి తెద్దాం. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 50 కిలోల్లో 16 శాతం చొప్పున భాస్వరం 8 కిలోలు, గంధకం 11 శాతం చొప్పున ఐదున్నర కిలోలు ఉంటాయి. కట్ట 600 అనుకుంటే, గంధకానికి ఏమీ కట్టకపోయినా కిలో భాస్వరం 75. డీఏపీ కంటే ఎక్కువ, 20-20-0-13 కంటే చాలా తక్కువ.

ఎకరం వరికి వేసి చూస్తే ఇది ఇంకా స్పష్టంగా కనపడుతుంది. సిఫారసు ఎకరాకు 48 కిలోల నత్రజని, సుమారు 23 కిలోల భాస్వరం అనుకుందాం. పొటాష్ ఏ దారిలో వెళ్లినా విడిగా అంతే వేయాలి కాబట్టి పక్కన పెడదాం. డీఏపీ దారిలో ఒక కట్ట డీఏపీ సరిపోతుంది. అందులో 9 కిలోల నత్రజని వచ్చింది, మిగతా 39 కిలోలకు 85 కిలోల యూరియా. ఖర్చు సుమారు 1850. ఇక 20-20-0-13 దారిలో 23 కిలోల భాస్వరం రావాలంటే 115 కిలోలు వేయాలి, పైన ఇంకో 54 కిలోల యూరియా. ఖర్చు సుమారు 3310. అదే ఎకరానికి సూపర్ 144 కిలోలు, యూరియా 104 కిలోలు వేస్తే సుమారు 2340.

చివరి రెండింటినీ ఇంకోసారి చూడండి. 115 కిలోల 20-20-0-13లో గంధకం 15 కిలోలు, 144 కిలోల సూపర్‌లో దాదాపు 16 కిలోలు. రెండింట్లోనూ అది సల్ఫేట్ రూపంలోనే ఉంటుంది, వేరు వెంటనే తీసుకోగలదు. నత్రజని అంతే, భాస్వరం అంతే, గంధకం అంతే. ఖర్చులో తేడా ఎకరాకు 970 రూపాయలు. సూపర్‌కు కట్టలు ఎక్కువ కాబట్టి హమాలీ, ఆటో కిరాయి కొంత పెరుగుతాయి, చల్లడానికి ఇంకాస్త సమయం పడుతుంది. అవన్నీ కలిపినా 970 కావు. ఈ ధరల్లో 20-20-0-13 సూపర్‌తో సమానంగా నిలబడాలంటే కట్ట 880 దగ్గరికి దిగాలి.

డీఏపీ దొరికితే, పొలంలో గంధకం కొరత లేకపోతే, దాన్ని మించింది లేదు. చిక్కేమిటంటే సీజన్‌లో డీఏపీ దొరకదు. స్టాకు లేదంటూ డీలరు చూపించే మొదటి కట్ట 20-20-0-13 అవుతుంది, చాలామంది అదే తెచ్చుకుంటారు. లెక్క ప్రకారం డీఏపీ తర్వాత చూడాల్సింది సూపర్‌ను. పల్లీ వేసేవాళ్లకు ఈ టెన్షన్ లేదు. సూపర్‌లోని కాల్షియం, గంధకం ఆ పంటకు పనికొస్తాయని ఎకరాకు రెండు కట్టల సూపర్ వేయడం మన దగ్గర పాత సిఫారసే. వరి రైతుకే ఎందుకో సూపర్ అంటే చిన్నచూపు. కట్ట చవక కాబట్టి మందు కూడా చప్పగా ఉంటుందని అనుకుంటారు.

గంధకం విషయానికి వస్తే, మొదట చెప్పిన యూరియా గోల్డ్ ఇప్పుడు తేలుతుంది. తగ్గిన 5.9 కిలోల నత్రజని విలువ 77 రూపాయలు, దానికి వచ్చిన గంధకం 6.8 కిలోలు. కిలో గంధకం 11 రూపాయలకు వచ్చింది. 20-20-0-13లో భాస్వరానికి డీఏపీ ధర కట్టి చూస్తే కిలో గంధకం 97 దాకా పడుతుంది. అయితే యూరియా గోల్డ్ పూతలో ఉన్నది ముడి గంధకం. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని సల్ఫేట్‌గా మార్చాలి, ఆ పనికి గాలి కావాలి. నిల్వ నీటి వరి మడిలో గాలి ఎక్కడ? అక్కడ ఆ మార్పు నెమ్మదిగా జరుగుతుంది. మొక్కజొన్న, పత్తి లాంటి మెట్ట పంటల్లో ఈ 11 రూపాయల గంధకం నిజంగా చవక, వరి మడిలో అంతగా కాదు. కిలో ధర లెక్క ఇలాంటి చోట ఆగిపోతుంది. ఏ రూపంలో ఉన్న పోషకం, ఏ నేలలో అన్నది దానికి తెలియదు.

లింకు అమ్మకాలను ఇదే కొలతతో చూడొచ్చు. రెండు కట్టల యూరియా కావాలంటే నానో యూరియా సీసా తీసుకోవాల్సిందే అన్నారనుకోండి. కట్టలకు 533, సీసాకు 225, మొత్తం 758. కట్టల్లో 41.4 కిలోల నత్రజని ఉంది. మొదట్లో వచ్చిన నానో యూరియాలో నత్రజని 4 శాతం, అర లీటరులో 20 గ్రాములు. తర్వాత వచ్చిన రకాల్లో శాతం పెంచారు కానీ లెక్క ఇంకా గ్రాముల్లోనే ఉంది. అంటే ఆ రోజు రైతు కిలో నత్రజని 13కు కాదు, 18కి కొన్నాడు. ఆకు మీద చల్లే మందును నేలలో వేసే మందుతో పోల్చకూడదని కంపెనీలు అంటాయి. సరే, ఆకు చుక్క వదలకుండా నూటికి నూరుపాళ్లు పీల్చుకుందనే అనుకుందాం. అప్పటికీ లోపలికి వెళ్లింది ఆ 20 గ్రాములే.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది పై పాటులో. నాటిన మూడు వారాలకు, పిలకలు వేసే దశలో, యూరియాతో పాటు ఒక కట్ట 20-20-0-13 లేదా 28-28-0 వేయడం అలవాటైపోయింది. వారంలో మడి నల్లగా పచ్చబడుతుంది, మందు బాగా పట్టిందంటారు. ఆ పచ్చదనం నత్రజని వల్ల వచ్చింది, గంధకం కొరత ఉన్న నేలైతే కొంత దానివల్ల. భాస్వరం నేలలో వేసిన చోటు నుంచి కదలదు, అందుకే దాన్ని మొత్తం దుక్కిలో లేదా ఆఖరి దమ్ములో వేయమంటారు. అడుగున ఒకసారి భాస్వరం వేసి, పై పాటులో మళ్లీ వేసిన రైతు 1300 పెట్టి నిజానికి వాడుకున్నది 10 కిలోల నత్రజని, ఆరున్నర కిలోల గంధకం. ఆ నత్రజని అర కట్ట యూరియాలో వస్తుంది, ఖరీదు 130. ఏళ్ల తరబడి ఇలా వేసిన పొలాల్లో భూసార పరీక్ష చేయిస్తే భాస్వరం గడిలో ‘ఎక్కువ’ అని రావడం మామూలే. ఆ కాగితం చేతిలో ఉన్న రైతు, పై పాటు కాంప్లెక్స్ ఎటూ మానేయాలి, దుక్కిలో వేసే డీఏపీని కూడా ఎంత తగ్గించవచ్చో వ్యవసాయ అధికారిని అడగాలి.